మొబైలు మీటలపై తెలుగు పాఠ్యం

మొబైలు ఫోనులో పనిచేసే ఒక అనువర్తనంలోని (యాప్) మాటలను వేరొక భాషలోనికి, ఆ భాషవారి అలవాట్లకు తగినట్లుగా మార్చడాన్ని స్థానికీకరణ అంటారు. తెరపై కనిపించే మీటలు, శీర్షికలు, హెచ్చరికలు, సూచనలు అన్నీ ఇందులోకి వస్తాయి. వీటిలో అతి తక్కువ చోటు దొరికేది మీటకు (బటను). ఇంగ్లీషు మాటకు సరిపోయేలా గీసిన మీటలో తెలుగు మాట పట్టకపోతే దాని చివరి భాగం తెగిపోతుంది. తెలుగు క్రియలో అవునా కాదా అన్నది తెలిపే భాగం చివరనే ఉంటుంది కనుక, ఆ తెగిన ముక్కతోపాటు అర్థం కూడా పోవచ్చు. ఈ వ్యాసం ఆ సమస్యను, దాని పరిష్కారాలను సికింద్రాబాదు ప్రయాణికుడు వాడే టికెట్ల అనువర్తనం వంటి ఒక నమూనా ఆధారంగా వివరిస్తుంది.

## పొడవును దేనితో కొలవాలి

"తెలుగు ఇంగ్లీషు కంటే పొడవు" అనేది తరచుగా వినిపించే మాట. ఇది కొంతవరకే నిజం. ముందుగా పొడవు అంటే ఏమిటో తేల్చుకోవాలి. ఊరి పేరునే తీసుకుందాం. ఇంగ్లీషులో Secunderabad అనే పేరులో 12 అక్షరాలున్నాయి. తెలుగులో "సికింద్రాబాదు" అని వ్రాస్తే కంప్యూటరు దానిని 13 సంకేతాలుగా (కోడు పాయింట్లు) దాచుకుంటుంది: స, గుడి, క, గుడి, సున్న, ద, పొల్లు, ర, దీర్ఘం, బ, దీర్ఘం, ద, కొమ్ము. యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు సంకేతానికి 3 బైట్లు పడతాయి కాబట్టి మొత్తం 39 బైట్లు అవుతాయి. చదివే మనిషికి మాత్రం అందులో సి, కిం, ద్రా, బా, దు అనే ఐదు అక్షరాలే కనిపిస్తాయి.

ఒకే పేరుకు 5, 13, 39 అని మూడు లెక్కలు వచ్చాయి. మీటలో పడుతుందా లేదా అన్నది ఈ మూడింటిలో ఏదీ చెప్పలేదు. తేల్చేది ఆ ఫాంటులో, ఆ పరిమాణంలో గీసినపుడు వచ్చే వెడల్పు మాత్రమే. గుడి, కొమ్ము వంటి గుర్తులు కొన్ని అక్షరాలకు వెడల్పును ఏమాత్రం పెంచవు, కొన్నింటికి బాగా పెంచుతాయి. వత్తు సాధారణంగా క్రిందికి పోతుంది. సున్న తనకంటూ కొంత చోటు తీసుకుంటుంది. అందువలన "ఈ మీటకు 15 అక్షరాలు మించరాదు" అని అనువాదకులకు ఇచ్చే పరిమితి తెలుగు విషయంలో దాదాపు నిరుపయోగం. ఆ 15 అనేవి సంకేతాలైతే "టికెట్టు రద్దు" అనే ఐదక్షరాల మాటకే 14 ఖర్చయిపోతాయి. తెరపై మాత్రం ఇంకా బోలెడు ఖాళీ మిగిలి ఉంటుంది.

సంకేతాలను లెక్కించి పాఠ్యాన్ని కోసే ప్రోగ్రాములతో ఇంకొక చిక్కు ఉన్నది. "సికింద్రాబాదు"ను ఏడవ సంకేతం దగ్గర కోస్తే "సికింద్" అని పొల్లుతో ఆగిపోతుంది. అటువంటి మాట తెలుగులో లేదు. అక్షరం మధ్యలో కోయకుండా ఉండడానికి యూనికోడు వారు అక్షర సరిహద్దుల నియమాలు ఏర్పరచారు. 2023లో వెలువడిన యూనికోడు 15.1 వరకు ఆ నియమాలు "ద్రా"ను ద్, రా అని రెండు ముక్కలుగానే లెక్కించేవి. 15.1లో చేర్చిన నియమం వలన తెలుగుతో సహా కొన్ని భారతీయ లిపులలో సంయుక్తాక్షరం ఒకే అక్షరంగా లెక్కకు వస్తుంది. పాత నియమాలతో ఉన్న ఫోనులలో మాత్రం పాత ప్రవర్తనే కొనసాగుతుంది.

## ఇంగ్లీషు కొలతకు గీసిన మీట

అనువర్తనాలను సాధారణంగా మొదట ఇంగ్లీషులో రూపొందిస్తారు. చిత్రకారుడు మీట మీద Cancel అని వ్రాసి, అది అందంగా కనిపించేంత చోటు వదులుతాడు. చిన్న మాటలు అనువాదంలో ఎక్కువగా పెరుగుతాయన్నది చాలాకాలంగా తెలిసిన విషయమే. ఐబీఎం సంస్థ ఒకప్పుడు ప్రకటించిన, డబ్ల్యూ3సీ తన పుటలో ఉదహరించిన పట్టిక ప్రకారం, పది అక్షరాల లోపు ఇంగ్లీషు మాటలకు అనువాదంలో రెండు మూడు రెట్ల చోటు కావలసి రావచ్చు. డెబ్బై అక్షరాలు దాటిన వాక్యాలకు 130 శాతం చాలును. అంటే పేరాలకు రాని ఇబ్బంది మీటలకు వస్తుంది. అయితే ఆ పట్టికను ఐరోపా భాషలను దృష్టిలో ఉంచుకొని చదవాలి. తెలుగులో కొన్ని మాటలు ఇంగ్లీషు కంటే కురచగా కూడా ఉంటాయి: Download అనే ఎనిమిది అక్షరాలకు "దింపు" అనే రెండక్షరాలు సరిపోతాయి.

ఆండ్రాయిడులో కొలతకు డీపీ అనే ప్రమాణాన్ని వాడతారు. తెర సాంద్రత ఎంత ఉన్నా కంటికి ఇంచుమించు ఒకే పరిమాణంలో కనిపించే కొలత ఇది. అక్షరాల పరిమాణానికి ఎస్పీ అనే ప్రమాణం ఉంది. వాడుకరి తన ఫోను అమరికలలో అక్షరాలను పెద్దవి చేసుకుంటే ఎస్పీ కూడా ఆ మేరకు పెరుగుతుంది. మీట వెడల్పును డీపీలలో బిగించి, అందులోని పాఠ్యాన్ని ఎస్పీలలో ఇచ్చినపుడు వాడుకరి అక్షరాలను పెంచితే పాఠ్యం పెరుగుతుంది, మీట పెరగదు. చత్వారం వచ్చిన పెద్దలు చాలామంది తమ ఫోనులో అక్షరాలను పెంచుకొనే ఉంటారు. తెలుగులో తెరను చూడగోరేవారిలో వారి సంఖ్య తక్కువ కాదు.

## ఒక ఉదాహరణ: టికెట్టు రద్దు

360 డీపీల వెడల్పు గల ఫోను తెరను తీసుకుందాం. ప్రయాణికుడు కొన్న టికెట్టును రద్దు చేసే ముందు ఒక నిర్ధారణ తెర వస్తుంది. దానిలో ప్రక్కప్రక్కన రెండు మీటలు ఉంటాయి. ఇంగ్లీషులో ఒకదానిపై Cancel ticket అని, రెండవదానిపై Don't cancel అని ఉన్నది.

తెరకు రెండు అంచులలో 16 చొప్పున, మీటల మధ్య 8 డీపీలు వదిలితే ఒక్కో మీటకు 160 డీపీలు మిగులుతాయి. మీట లోపల రెండు వైపులా 24 చొప్పున ఖాళీ పోగా పాఠ్యానికి దక్కేది 112 డీపీలు. అక్షరాల పరిమాణం 14 ఎస్పీలు. ఇంగ్లీషు అక్షరానికి సగటున 7 డీపీలు అనుకుంటే Cancel ticket కు సుమారు 91, Don't cancel కు సుమారు 84 చాలును. రెండూ హాయిగా ఇముడుతాయి.

అనువాదకుడు వీటిని "టికెట్టును రద్దు చేయి", "టికెట్టును రద్దు చేయవద్దు" అని మార్చాడు. రెండూ తప్పులేని తెలుగే. తెలుగు అక్షరానికి సగటున 11, మాటల మధ్య ఖాళీకి 4 డీపీలు అనుకుందాం (ఇవి లెక్క కోసం తీసుకున్న అంకెలు, ఫాంటును బట్టి మారుతాయి). మొదటి దానిలో 8 అక్షరాలు, 2 ఖాళీలు కలిసి 96 డీపీలు అయి మీటలో పడుతుంది. రెండవ దానిలో 10 అక్షరాలు, 2 ఖాళీలు కలిసి 118 అవుతాయి. ఇది 112ను దాటిపోయింది. మీటలో ఒక వరుసకే అనుమతి ఉండి, పట్టని భాగం బదులు మూడు చుక్కలు చూపమని ప్రోగ్రాములో ఉంటే తెరపై కనిపించేది ఇది:

```
[ టికెట్టును రద్దు చేయి ]  [ టికెట్టును రద్దు చేయ… ]
```

ఈ తెరను చూసిన ప్రయాణికుడు రెండవ మీటను "చేయండి" అనే చదువుతాడు. ఏది నొక్కినా టికెట్టు పోతుందనే అనుకుంటాడు. అతడే అక్షరాలను 130 శాతానికి పెంచుకొని ఉంటే పరిస్థితి ఇంకా విషమిస్తుంది. అపుడు అక్షరానికి 14.3 డీపీలు కాబట్టి మొదటి మీటకే దాదాపు 125 కావాలి. చుక్కల చోటు పోగా రెండింటిలోనూ మిగిలేది ఒకటే:

```
[ టికెట్టును రద్దు… ]  [ టికెట్టును రద్దు… ]
```

పరస్పర విరుద్ధమైన రెండు పనులకు ఇపుడు ఒకే పేరు. ఇంగ్లీషులో ఈ ప్రమాదం ఇంత తీవ్రంగా ఉండదు. అక్కడ నిషేధాన్ని తెలిపే Don't మొదట్లోనే ఉన్నది కనుక చివర తెగినా అది మిగులుతుంది. తెలుగులో కర్మ ముందు వచ్చి, క్రియ చివర వచ్చి, ఆ క్రియకు కూడా చివరన "వద్దు", "లేదు", "కూడదు" వంటివి చేరుతాయి. చివర కోయడం అనే పద్ధతి ఇంగ్లీషు వాక్యనిర్మాణాన్ని చూసి ఏర్పరచినది. తెలుగు వాక్యంలో అది సరిగ్గా అవసరమైన చోటునే కోస్తుంది.

దీనికి పరిష్కారం ఫాంటును చిన్నది చేయడం కాదు, మాటలను వేరే చోటికి తరలించడం. టికెట్టు అనే కర్మ రెండు మీటలలోనూ ఉన్నది. అది ప్రశ్నలోకి వెళ్ళవచ్చు. నిర్ధారణ తెర శీర్షికకు పూర్తి వెడల్పు దొరుకుతుంది కాబట్టి అక్కడ "టికెట్టును రద్దు చేయాలా?" అని పూర్తిగా అడగవచ్చు. అపుడు మీటలకు మిగిలేది జవాబు మాత్రమే:

```
<string name="cancel_title">టికెట్టును రద్దు చేయాలా?</string>
<string name="cancel_yes">రద్దు చేయి</string>
<string name="cancel_no">వద్దు</string>
```

"రద్దు చేయి"కి 48 డీపీలు, "వద్దు"కు 22. అక్షరాలను రెండింతలు చేసినా రెండూ 112లో ఇముడుతాయి. ఆండ్రాయిడు 14 (2023) నుండి అక్షరాలను 200 శాతం వరకు పెంచుకొనే వీలున్నది కాబట్టి ఈ లెక్క అనవసరమైనదేమీ కాదు. ప్రశ్నకు జవాబుగా "వద్దు" అనే ఒక్క మాట ఇంగ్లీషు మీట కంటే తెలుగులో సహజంగా ఉంటుంది. తెలుగువాడు నోటితో చెప్పేది కూడా అదే.

ఇక్కడ ఒక ఉచ్చు ఉన్నది. Cancel కు "రద్దు" అని, OK కు "సరే" అని అనువాదాల పట్టికలో ముందే స్థిరపరచుకొని ఉంటారు. ఆ పట్టిక ప్రకారం యాంత్రికంగా నింపితే "టికెట్టును రద్దు చేయాలా?" అనే ప్రశ్న క్రింద "సరే", "రద్దు" అని వస్తాయి. రెండవ మీట అసలు ఉద్దేశం ఈ ప్రశ్నను రద్దు చేసి వెనుకకు పోవడం. చదివేవారికి మాత్రం అది టికెట్టును రద్దు చేసే మీటగా కనిపిస్తుంది. పొడవు తగ్గింది, అర్థం తలక్రిందులైంది. అందుచేత అనువాదకునికి మాటల జాబితా మాత్రమే ఇస్తే చాలదు, ఆ మాట వచ్చే తెరను కూడా చూపించాలి.

## సికింద్రాబాదు ఈస్టు, సికింద్రాబాదు వెస్టు

హైదరాబాదు మెట్రోలో సికింద్రాబాదు పేరుతో రెండు స్టేషన్లు ఉన్నాయి. సికింద్రాబాదు ఈస్టు నాగోలు–రాయదుర్గం నీలి మార్గంలో ఉన్నది. ఆ మార్గంలో నాగోలు నుండి అమీరుపేట వరకు 2017 నవంబరులో ప్రారంభమైంది. సికింద్రాబాదు వెస్టు జేబీఎస్ పరేడు గ్రౌండు–ఎంజీబీఎస్ ఆకుపచ్చ మార్గంలోనిది, 2020 ఫిబ్రవరిలో మొదలైంది. ఇవికాక దక్షిణ మధ్య రైల్వేకు చెందిన పెద్ద స్టేషను, ఎంఎంటీఎస్ రైళ్ళు ఆగే చోటు కూడా ప్రయాణికునికి "సికింద్రాబాదు"యే.

స్టేషను పేరుకు ఇరుకైన గడి ఇచ్చిన తెరపై చివర కోస్తే ఈ రెండు మెట్రో స్టేషన్లూ "సికింద్రాబా…" అని ఒకే విధంగా కనిపిస్తాయి. వేర్వేరు మార్గాలు కాబట్టి తప్పుగా ఎంచుకుంటే ప్రయాణికుడు రైలు మారవలసి వస్తుంది. అయితే ఇక్కడ నేరం తెలుగుది కాదని గమనించాలి. పై లెక్క ప్రకారమే 14 ఎస్పీలలో Secunderabad East కు సుమారు 119 డీపీలు పట్టగా, "సికింద్రాబాద్ ఈస్ట్"కు సున్నతో కలిపి 90 లోపే సరిపోతాయి. తెలుగు పేరే కురచ. తేడాను తెలిపే మాట చివర ఉండడం వలన రెండు భాషలలోనూ ఇబ్బంది వస్తుంది.

పేరు అధికారికమైనది కనుక దానిని అనువాదకుడు కుదించరాదు, మాటల వరుస మార్చరాదు. చేయగలిగిన పని గడిని మార్చడం. రెండు వరుసలకు అనుమతి ఇవ్వడం అన్నిటికంటే మేలు. అది కుదరనపుడు చివర కాక మధ్యలో కోయమని చెప్పవచ్చు. ఆండ్రాయిడులో దీనికి `android:ellipsize="middle"` అనే అమరిక ఉంది. అపుడు "సికిం… ఈస్ట్", "సికిం… వెస్ట్" వంటివి మిగిలి, చూడడానికి వికారంగా ఉన్నా తేడా మాత్రం తెలుస్తుంది. రైల్వేవారు సికింద్రాబాదుకు SC అనే రెండక్షరాల సంకేతాన్ని వాడతారు. చాలా ఇరుకైన చోట ఇటువంటి సంకేతాలు ఉపయోగపడతాయి కానీ, తెలుగు తెరను కోరుకున్న ప్రయాణికునికి అవి తెలిసి ఉంటాయని అనుకోరాదు.

## పేరుకు అతికే విభక్తి

ఊరి పేర్లతో వచ్చే మరొక సమస్య పొడవుకు సంబంధించినదిగా మొదలై వ్యాకరణంలో తేలుతుంది. ఇంగ్లీషులో Ticket to %s అనే సందేశంలో %s ఉన్న చోట ప్రోగ్రాము ఊరి పేరును చేరుస్తుంది. దీనిని "%sకు టికెట్టు" అని అనువదిస్తే "కాచిగూడకు టికెట్టు" బాగానే వస్తుంది. లింగంపల్లి దగ్గరకు రాగానే "లింగంపల్లికు" అని తప్పు వస్తుంది, ఇకారాంతానికి "కి" రావాలి. పేరును "సికింద్రాబాద్" అని పొల్లుతో దాచి ఉంచితే ఇంకా విచిత్రంగా, పొల్లు తరువాతి "కు"తో కలిసిపోయి "సికింద్రాబాద్కు" అని ద కు క వత్తు పడుతుంది. మధ్యలో కనిపించని విడదీత సంకేతం ఒకటి పెడితే "సికింద్రాబాద్‌కు" అని సరిగా వస్తుంది. కానీ పేరును బట్టి ఆ సంకేతాన్ని పెట్టడం, తీయడం ప్రోగ్రాముకు అదనపు పని. "సికింద్రాబాదు" అని అజంతంగా వ్రాసే పాత అలవాటులో ఈ చిక్కే లేదు. అది కేవలం చాదస్తం అనుకునేవారు ఈ విషయాన్ని గమనించవచ్చు.

సరళమైన మార్గం విభక్తినే తప్పించడం. "గమ్యం: %s" అని వ్రాస్తే పేరు ప్రథమావిభక్తిలో, మార్పు లేకుండా ఉంటుంది. పైగా పేరును ఒక వరుసలో, "గమ్యం" అన్న మాటను పైన చిన్న అక్షరాలలో చూపే వీలు కలుగుతుంది. వాక్యాన్ని విడగొట్టి పేరు, విలువ అనే జంటగా మార్చడం మీటలలోనే కాక పట్టికలలో కూడా చోటును ఆదా చేస్తుంది.

## ఎత్తు

తెలుగు పాఠ్యానికి అడ్డంగా పడే ఇబ్బందిని అందరూ గమనిస్తారు, నిలువుగా పడేదానిని కొందరే గమనిస్తారు. ఇంగ్లీషు అక్షరం క్రింద దిగేది g, p వంటి వాటి తోక మాత్రమే. తెలుగులో "స్త్రీ", "రాష్ట్రం" వంటి మాటలలో క్రింద రెండు వత్తులు, పైన గుడి లేదా తలకట్టు ఉంటాయి. మీట ఎత్తును 36 డీపీల వద్ద బిగించి, లోపల పైనా క్రిందా ఖాళీలు ఇస్తే వత్తు అడుగు భాగం తెగుతుంది. ఇక్కడ మూడు చుక్కలు రావు, హెచ్చరిక ఏదీ ఉండదు. "రద్దు"లో వత్తు మాయమైతే "రదు" అని కనిపిస్తుంది. పరీక్షించే వ్యక్తికి తెలుగు రాకపోతే అతడు దీనిని పట్టుకోలేడు.

ఆండ్రాయిడు చాలాకాలం ఇంటర్ఫేసు కోసం తెలుగుకు ఒక కుదించిన ఫాంటును వాడింది. ఇంగ్లీషు వరుస ఎత్తులో ఇమిడేలా అక్షరాలను, వత్తులను నిలువుగా అణచి గీసిన ఫాంటు అది. ఆండ్రాయిడు 5.0 (2014) నుండి `elegantTextHeight` అనే అమరిక ద్వారా అణచని ఫాంటును కోరే వీలు కలిగింది. 2024లో వచ్చిన ఆండ్రాయిడు 15ను లక్ష్యంగా చేసుకొని తయారయ్యే అనువర్తనాలకు తెలుగు, కన్నడ, తమిళం, మలయాళం, గుజరాతీ, ఒడియా తదితర లిపులలో ఇదే సహజ స్థితి అయింది. చదవడానికి ఇది మేలు. కానీ ఎత్తును బిగించి ఉంచిన పాత మీటలలో, నిన్నటిదాకా పట్టిన వత్తు ఇపుడు తెగవచ్చు. కనుక ఎత్తును బిగించక, కనీసపు ఎత్తు మాత్రం చెప్పి మిగిలినది పాఠ్యానికి వదిలేయాలి:

```
android:layout_height="wrap_content"
android:minHeight="48dp"
android:maxLines="2"
```

పాఠ్యం పట్టకపోతే దానంతట అదే చిన్నదయ్యే ఏర్పాటు ఆండ్రాయిడు 8.0 (2017) నుండి ఉన్నది. ఐఫోనులలో కూడా ఇటువంటిది ఉంది. చూడడానికి ఇది సులువైన మందు. అయితే వత్తు ఎపుడూ అసలు అక్షరం కంటే చిన్నదిగా ఉంటుంది. 14 ఎస్పీలు 10కి దిగితే ఇంగ్లీషు ఇంకా చదవగలిగేలా ఉంటుంది కానీ, తెలుగులో వత్తులు మసకబారి ద కు ధ కు తేడా తెలియదు. పైగా ప్రక్కప్రక్క మీటలలో ఒకటి పెద్దగా, ఒకటి చిన్నగా కనిపిస్తాయి. దీనిని వాడితే కనీస పరిమాణాన్ని 12 ఎస్పీలకు తగ్గకుండా ఉంచడం మంచిది.

కొంత చోటు ఉచితంగా దొరికే సందర్భం ఒకటున్నది. గూగులు వారి పాత మెటీరియల్ పద్ధతిలో మీటల అక్షరాల మధ్య 1.25 ఎస్పీల ఎడం ఉండేది. అది ఇంగ్లీషు పెద్దబడి అక్షరాలు ఒకదానికొకటి ఒరుసుకోకుండా చేసిన ఏర్పాటు. తెలుగులో పెద్దబడి లేదు, ఆ ఎడం అవసరమూ లేదు. తెలుగు తెరలకు దానిని సున్న చేస్తే పదక్షరాల మీటలో 12 డీపీల వరకు కలిసివస్తుంది.

## క్రియారూపం ఎంపిక

ఒకే మీటను "వెతుకు", "వెతకండి", "అన్వేషించు", "అన్వేషించండి", "అన్వేషణ", "సెర్చ్" అని ఆరు రకాలుగా వ్రాయవచ్చు. పొడవు రెండక్షరాల నుండి ఐదక్షరాల వరకు మారుతుంది. "-ండి" చేర్చకపోతే వాడుకరికి అమర్యాద జరుగుతుందని కొందరు అనువాదకులు భావిస్తారు. మీటపై ఉన్న మాట ఎవరు ఎవరితో అంటున్నది అని ఆలోచిస్తే ఈ సందేహం తీరుతుంది. "పంపు", "వెతుకు", "రద్దు చేయి" అనేవి వాడుకరి యంత్రానికి ఇచ్చే ఆజ్ఞలు. యంత్రాన్ని మన్నించి పిలవనక్కరలేదు. "మీ ఫోను సంఖ్యను ఇవ్వండి" అనేది యంత్రం వాడుకరిని కోరడం, అక్కడ "-ండి" తప్పనిసరి. ఈ విభజనను పాటిస్తే మీటలన్నీ పొట్టివవుతాయి, సూచనలు మర్యాదగా ఉంటాయి. రెండు రూపాలను కలగాపులగం చేసి ఒక మీటపై "పంపు" అని, ప్రక్కదానిపై "మార్చండి" అని పెట్టడం అన్నిటికంటే చెడ్డది.

చోటు కోసం ఇంగ్లీషు మాటను తెలుగు లిపిలో పెట్టడం లాభమా అన్నది మాటను బట్టి ఉంటుంది. "సెట్టింగులు"లో నాలుగు అక్షరాలు, "అమరికలు"లో ఐదు ఉన్నా గీసినపుడు వెడల్పులో పెద్ద తేడా ఉండదు. "డౌన్‌లోడ్" కంటే "దింపు" సగానికి సగం చిన్నది. "తాజాకరించు" కంటే "అప్‌డేట్" చిన్నది, వాడుకలో ఉన్నదీ అదే. టికెట్టు, స్టేషను, ప్లాట్‌ఫారం వంటివి తెలుగువారి నోట ఎప్పుడో స్థిరపడ్డాయి. ప్లాట్‌ఫారం బదులు కొత్తమాట కల్పించి సికింద్రాబాదు స్టేషనులో పరుగెత్తే ప్రయాణికునికి చూపడం పొడవును బట్టి కాదు, ఉపయోగాన్ని బట్టి చూసినా సమర్థించలేనిది.

చోటు చాలనపుడు మాటను మధ్యలో ఆపి చుక్క పెట్టడం (ఇంగ్లీషులో ప్లాట్‌ఫారానికి Pf. వలె) తెలుగులో అంతగా అలవాటు లేదు. కి.మీ., రూ., ని. వంటి కొన్ని పొట్టిరూపాలు మాత్రమే అందరికీ తెలుసు. అనువాదకుడు సొంతంగా కల్పించిన పొట్టిరూపం చదువరికి పొడుపుకథే అవుతుంది.

## పరీక్షించు విధం

ఆండ్రాయిడులో తెలుగు సందేశాలు `values-te/strings.xml` అనే ఫైలులో ఉంటాయి. అనువాదం రాకముందే తెరలను పరీక్షించడానికి `en-XA` అనే నకిలీ భాష ఒకటున్నది. అది ఇంగ్లీషు మాటలకే టోపీలు, తోకలు తగిలించి పొడవు పెంచి చూపుతుంది. అడ్డంగా తెగే మీటలు దీనితో చాలావరకు బయటపడతాయి. క్రిందికి దిగే వత్తులు ఇందులో లేవు కాబట్టి నిలువు కోతలు బయటపడవు. అందుకోసం నిజమైన తెలుగు మాటలనే వాడాలి. రెండు వత్తుల కోసం "రాష్ట్రం", గుడి, వత్తు, సున్న కలిసి వచ్చే "సికింద్రాబాదు", వత్తు పోతే వెంటనే తెలిసిపోయే "వద్దు" ఈ పనికి చక్కగా సరిపోతాయి.

చూడవలసిన స్థితులు ఎక్కువేమీ లేవు. దొరికిన వాటిలో ఇరుకైన తెర, ఫోను అనుమతించే అతి పెద్ద అక్షరాలు, ఆ రెండూ కలిసిన స్థితి చూస్తే చాలు. ప్రతి తెరలోను మూడు చుక్కలు ఎక్కడ వచ్చాయో వెతికి, చుక్కల వెనుక దాగిన భాగంలో క్రియ ఉన్నదా అని అడగాలి. పేరు కొంచెం తెగితే సర్దుకోవచ్చు. క్రియ తెగిన మీటను మాత్రం విడుదలకు ముందే సరిదిద్దాలి, ముఖ్యంగా డబ్బు చెల్లించే, రద్దు చేసే, తొలగించే తెరలలో. ఈ పరీక్ష చేసే వ్యక్తి తెలుగు చదవగలిగినవాడై ఉండాలి. తెర బొమ్మలను తెలుగు రానివారికి పంపి "ఏమైనా తెగిందా" అని అడిగితే, "రదు" అని ఉన్న మీటను చూసి కూడా అంతా బాగానే ఉందని జవాబు వస్తుంది.